కాలిన గాయం లోతు ఫోటోలో తెలుస్తుందా?

"చెయ్యి కాలింది. ఫోటో పంపిన, చూడు. దవాఖానకు పోవాల్నా, ఇంట్లనే మానుతదా?"

ఇప్పుడు ఊళ్లో ఎవరికి ఎక్కడ కొంచెం కాలినా డాక్టరు కంటే ముందు ఫోను కెమెరా దాన్ని చూస్తోంది. ఆ ఫోటో సిద్దిపేటలో చదువుకునే కొడుక్కో, హైదరాబాదులో నర్సుగా పనిచేసే మేనకోడలికో వెళ్తుంది. అటు నుంచి వచ్చే జవాబు సాధారణంగా రెండు రకాలు. ఎర్రగా ఉంటే "అమ్మో, బాగా కాలింది" అంటారు. తెల్లగా, పొడిగా, నొప్పి లేకుండా ఉంటే "ఏం కాదు, చిన్నదే" అంటారు. చిక్కు ఎక్కడుందంటే, చాలాసార్లు ఈ రెండు జవాబులూ తారుమారుగా ఉంటాయి. ఎర్రగా తడిగా భగ్గున మండే గాయం రెండు వారాల్లో మచ్చ లేకుండా మానిపోవచ్చు. తెల్లగా ఊరుకున్న గాయం నెల దాటినా మానకపోవచ్చు.

కాలిన గాయం చూడగానే డాక్టరుకు తెలియాల్సింది ముఖ్యంగా రెండు: ఎంత మేర కాలింది, ఎంత లోతుకు కాలింది. మేర ఫోటోలో బాగానే తెలుస్తుంది. లోతు దగ్గరే ఫోటో తడబడుతుంది. ఎందుకు తడబడుతుందో తెలిస్తే, ఏ ఫోటోను నమ్మొచ్చో, ఏ ఫోటో పక్కన పెట్టి బస్సెక్కాలో కూడా తెలుస్తుంది.

గరిక ఎక్కడి నుంచి చిగురిస్తుంది?

మన చర్మంలో పైన కనిపించే పొర చాలా పల్చన. ఎపిడెర్మిస్ అనే ఈ పైపొర ముంజేతి మీద మిల్లీమీటరులో దాదాపు పదో వంతు ఉంటుంది. దాని కింద డెర్మిస్ అనే మందమైన పొర ఉంటుంది. రక్తం పారే సన్నని నాళాలు, నొప్పిని తెలిపే నరాల కొసలు, వెంట్రుకల కుదుళ్లు, చెమట గ్రంథులు అన్నీ అందులోనే. ముంజేతి లోపలివైపు ఈ రెండూ కలిపినా మందం ఒక మిల్లీమీటరుకు అటూఇటూగా ఉంటుంది. పసిపిల్లలకు, ముసలివాళ్లకు ఇంకా పల్చన. అంటే తేలికపాటి గాయానికీ, ఆపరేషన్ అవసరమయ్యే గాయానికీ మధ్య తేడా మిల్లీమీటరు లోపలే తేలిపోతుంది.

చర్మం తిరిగి ఎలా పుడుతుందో అర్థం కావాలంటే పొలం గట్టు మీది గరికను చూడాలి. మేకలు పైపైన మేస్తే వారంలో మళ్లీ లేస్తుంది. పార పెట్టి చెక్కినా మట్టిలో మిగిలిన కణుపుల నుంచి కాస్త ఆలస్యంగా చిగురిస్తుంది. వేళ్లతో సహా లోతుగా తవ్వి ఎత్తి పారేస్తే ఆ చోట ఇక ఏమీ మొలవదు, చుట్టుపక్కల గరిక మెల్లగా పాకి రావాలి. చర్మానికి ఆ కణుపులు వెంట్రుకల కుదుళ్లు, చెమట గ్రంథులే. వాటి గోడల్లో ఉండే కణాలు పైకి పాకి, పరుచుకుని కొత్త పైపొర అవుతాయి. అవి ఎన్ని మిగిలాయన్నదే గాయం ఎన్నాళ్లలో మానుతుందో తేలుస్తుంది.

పైపొర మాత్రమే కమిలితే చర్మం ఎర్రబడి మండుతుంది, బొబ్బ రాదు, వారం లోపల తగ్గిపోతుంది. వేడి డెర్మిస్ పైభాగం దాకా దిగితే బొబ్బలు లేస్తాయి. బొబ్బ చితికితే కింద తడిగా, గులాబీ రంగులో మెరిసే పచ్చిపుండు కనిపిస్తుంది, గాలి తగిలినా మండుతుంది. కుదుళ్లు చాలావరకు మిగిలి ఉంటాయి కాబట్టి ఇది పది, పద్నాలుగు రోజుల్లో మానుతుంది. డెర్మిస్ అడుగు దాకా దిగితే పుండు తడి తగ్గి, తెలుపూ ఎరుపూ కలిసిన మచ్చలతోనో, మొద్దు ఎరుపుతోనో ఉంటుంది. మానడానికి మూడు వారాలు దాటుతుంది. అంత ఆలస్యంగా మానిన చోట మచ్చ ఉబ్బి గట్టిపడుతుంది, కీలు మీదైతే ముడుచుకుపోతుంది. డెర్మిస్ మొత్తం పోతే చర్మం తెల్లగానో, గోధుమ రంగులోనో, నల్లగానో తోలులా గట్టిపడుతుంది. నరాల కొసలు కూడా పోయాయి కాబట్టి నడిమధ్య నొప్పే ఉండదు. మరీ చిన్నదైతే తప్ప ఇది తనంతట మూసుకోదు, వేరే చోటి నుంచి చర్మం తెచ్చి అతకాలి.

జనం నోట్లో నానిన "సెకండ్ డిగ్రీ" అనే మాటలో నడుమ ఉన్న రెండు రకాలూ ఇరుక్కుపోయాయి. ఒకటి ఇంట్లో కట్టుతో మానేది, రెండోది సర్జన్ చూడాల్సింది. ఫోటో చూసి "సెకండ్ డిగ్రీ" అని ఎవరైనా తేల్చేస్తే, అసలు ప్రశ్నకు జవాబు ఇంకా రాలేదన్నమాటే.

సకినాల మూకుడు దగ్గర

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఊహించి చెబుతున్నదే అయినా సంక్రాంతి ముందర ఇలాంటివి అరుదేమీ కాదు. చిన్నకోడూరులో నలభై అయిదేళ్ల ఆమె సాయంత్రం పూట సకినాలు కాలుస్తోంది. బట్ట మీద చుట్టిన సకినాలు సరిగా ఆరలేదు. పిండిలో మిగిలిన తడి నూనెలో పడగానే ఆవిరై చిమ్మింది. కుడి ముంజేతి లోపలివైపు, మణికట్టు పైనుంచి మోచేతి వైపుగా నూనె పడింది.

కాగే నూనె వేడి 170, 180 డిగ్రీలు ఉంటుంది. నీళ్లు ఎంత మరిగినా 100 దాటవు. పైగా నీళ్లు జారిపోతాయి, నూనె అంటుకుని కూర్చుంటుంది. గంజి కూడా అంతే, చిక్కదనం వల్ల చర్మాన్ని వదలదు. వేడి ఎంత అన్నదానితో పాటు ఎంతసేపు అంటుకుంది అన్నదీ లోతును తేలుస్తుంది. 1947లో అమెరికాలో మోరిట్జ్, హెన్రిక్స్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని కొలిచారు. 44 డిగ్రీల వేడికి చర్మం చెడడానికి గంటలు పడుతుంది, 60 డిగ్రీలకు కొన్ని సెకన్లు చాలు. అందుకే ఫోటో పంపేటప్పుడు దేనితో కాలింది, ఎంతసేపు అంటుకుని ఉంది అన్న రెండు మాటలు రాస్తే, చూసేవాళ్లకు సగం సంగతి బొమ్మ తెరవకముందే తెలుస్తుంది. మోటర్‌సైకిల్ సైలెన్సర్ పిక్కకు తాకి కాలిన మచ్చ ఫోటోలో చిన్నగా, శుభ్రంగా కనిపిస్తుంది. బండి కాలి మీద పడి నాలుగు క్షణాలు ఒత్తుకుందని తెలిస్తే ఆ చిన్న మచ్చనే అనుమానంగా చూడాలి.

మళ్లీ ఆమె దగ్గరికి వస్తే, ఇంట్లో ఒకరు పేస్టు తెచ్చి పూశారు. కోడలు అత్త చేతిని పంపు కింద పెట్టింది. పేస్టు పోయింది, మంచిదే అయింది. కాలిన చోట ధారగా చల్లటి నీళ్లు ఇరవై నిమిషాలు పోయాలి. వెంటనే పోస్తే ఎక్కువ మేలు, మూడు గంటల్లోపు ఎప్పుడు పోసినా ఎంతో కొంత మేలే. ఇరవై నిమిషాలంటే మనం అనుకునే దానికన్నా చాలా ఎక్కువసేపు. రెండు చెంబులు గుమ్మరించి "పోసినం" అనుకోవడం దాని కింద లెక్క కాదు. ఐసు పెట్టకూడదు, అది సన్నని రక్తనాళాలను బిగించి అసలే కమిలిన చర్మానికి రక్తం అందకుండా చేస్తుంది. కోడలు ఇంకో మంచి పని చేసింది. చెయ్యి వాచకముందే గాజులు తీసేసింది. గంట ఆగితే వాచిన చేతికి అవి బిగుసుకుని, పగలగొట్టి తీయాల్సి వచ్చేది.

తర్వాత వంటింట్లో పసుపుపచ్చ బల్బు కింద, ఫ్లాష్ వేసి ఫోటో తీసి హైదరాబాదులో ఉన్న మేనకోడలికి పంపారు. ఆ ఫోటోలో చర్మం మొత్తం నారింజ రంగులో ఉంది, తడి ఉన్నచోట ఫ్లాష్ వెలుగు తెల్లగా మెరిసింది. ఆ తెలుపు మెరుపా, కాలిన తెలుపా ఎవరు చెప్పగలరు?

"అత్తమ్మా, పొద్దుగాల వాకిట్ల నీడల నిలబడి మళ్లొకటి తీపియ్యి. ఫ్లాష్ వద్దు. ఇప్పుడు మండుతుందా?"

"మస్తు మండుతుంది బిడ్డా. మోచేతి దిక్కున్న కాడ మాత్రం అంత లేదు."

మేనకోడలు జాగ్రత్తగా పట్టుకున్న మాట ఈ రెండోది. ఫోటోలో అది లేదు. "అట్లయితే పొద్దున్నే దవాఖానకు పోవుడే, ఫోటో తరువాత సంగతి" అంది. శుభ్రంగా ఉతికిన మెత్తటి బట్టను వదులుగా కప్పమని, ఏమీ పూయొద్దని చెప్పింది.

ఫోటోకు అందనివి

డాక్టరు గాయాన్ని ఎదురుగా చూసినప్పుడు కళ్లతో పాటు వేలు కూడా వాడతాడు. గ్లౌజు వేసుకున్న వేలితో పుండు మీద మెల్లగా ఒత్తి వదులుతాడు. ఒత్తినప్పుడు రక్తం పక్కకు తొలగి ఆ చోటు తెల్లబోతుంది, వదలగానే రెండు సెకన్లలో మళ్లీ రంగు వస్తే కింద నాళాల్లో రక్తం పారుతోందన్నమాట. ఆలస్యంగా వస్తే అనుమానం. ఎంత ఒత్తినా ఎరుపు ఎరుపుగానే ఉండిపోతే అది పారే రక్తం కాదు, పగిలిన నాళాల నుంచి బయటికొచ్చి అక్కడే గడ్డకట్టిన రక్తం. ఫోటోలో ఈ రెండు ఎరుపులూ ఒకటే. మొదటిది రెండు వారాల్లో మానే గాయం, రెండోది డెర్మిస్ అడుగు దాకా కాలిన గాయం. నిలిచిపోయిన బొమ్మలో కదలిక ఉండదు కాబట్టి, నా లెక్కన ఫోటో మోసాల్లో అన్నింటికన్నా పెద్దది ఇదే. ఆరోగ్య కేంద్రంలో నర్సు గ్లౌజు వేసుకుని ఒత్తి వదులుతూ తీసిన పది సెకన్ల వీడియో పది ఫోటోల కన్నా ఎక్కువ చెబుతుంది.

రెండోది స్పర్శ. దూదితో తాకితే తెలుస్తోందా, నొప్పి ఎలా ఉంది అన్నది అడిగితేనే తెలుస్తుంది. ఇక్కడా ఒక తిరకాసు ఉంది. లోతుగా కాలిన గాయం చుట్టూ పైపైన కాలిన అంచు ఉంటుంది, అది బాగా మండుతుంది. "నొప్పి ఉంది కదా, లోతు లేదు" అనుకోవడానికి లేదు. మధుమేహం ఉన్నవాళ్లలో అయితే పాదాల నరాలు ముందే మొద్దుబారి ఉంటాయి. వాళ్లకు నొప్పి ఉన్నా లేకున్నా దాన్ని బట్టి లోతు చెప్పలేం.

మూడోది మన చర్మం రంగు. కాలిన గాయాల బొమ్మలు చాలా పుస్తకాల్లో తెల్లవాళ్ల చర్మం మీదివే. వాటిలో పైపైన కాలిన చోటు టమాటాలా ఎర్రగా కనిపిస్తుంది. మన చామనఛాయ, నలుపు చర్మం మీద అదే గాయం ముదురు గోధుమ రంగులోనో, ఊదా ఛాయలోనో ఉంటుంది, ఒక్కోసారి ఫోటోలో ఏమీ కనిపించనే కనిపించదు. రంగునిచ్చే మెలనిన్ పైపొర అడుగున ఉంటుంది. ఆ పైపొర ఊడిపోతే కింద డెర్మిస్ అందరిదీ గులాబీ రంగే. అందుకే బొబ్బ చితికి తెరుచుకున్న పుండును ఫోటోలో చదవడం కొంత నయం, ఇంకా ఊడని చర్మాన్ని చదవడం కష్టం. గులాబీ రంగు పుండు చూసి చర్మం తెల్లబడి పాడైందని కంగారు పడేవాళ్లుంటారు. నిజానికి అది మంచి గుర్తే. తడిగా, గులాబీగా ఉండటం వేరు, పొడిగా సున్నంలా తెల్లగా ఉండటం వేరు.

నాలుగోది కాలం. బర్మింగ్‌హామ్‌లో పనిచేసిన డగ్లస్ జాక్సన్ అనే సర్జన్ 1953లో కాలిన గాయాల లోతు మీద రాసిన వ్యాసంలో గాయాన్ని మూడు వలయాలుగా చూపించాడు. నడిమధ్య చచ్చిపోయిన భాగం, అంచున రక్తం ఎక్కువ పారి ఎర్రబడిన భాగం, ఈ రెంటి నడుమ ఊగిసలాడే భాగం. ఈ నడిమి వలయంలో రక్తం నెమ్మదించి ఉంటుంది. చల్లటి నీళ్లు, తడి ఆరని కట్టు, ఒంట్లో సరిపడా నీరు ఉంటే అది బతుకుతుంది. ఎండిపోతే, చీము పడితే చచ్చిన భాగంలో కలుస్తుంది. ఈ తేల్పు జరగడానికి రెండు మూడు రోజులు పడుతుంది. కాబట్టి మొదటి గంటలో తీసిన ఫోటోలో లోతు ఎందుకు కనిపించదంటే, ఆ లోతు ఇంకా ఖరారు కాలేదు గనక. రక్తప్రవాహాన్ని లేజర్ కాంతితో కొలిచే యంత్రాలు పెద్ద బర్న్స్ ఆసుపత్రుల్లో వాడతారు, వాటిని కూడా సాధారణంగా రెండో రోజు తర్వాతే పెడతారు. అనుభవం ఉన్న సర్జన్లు ఎదురుగా చూసి చెప్పిన లోతు కూడా ప్రతి మూడు నాలుగు గాయాల్లో ఒకదానిలో తప్పుతుందని అధ్యయనాలు చెబుతున్నాయి. ఫోటో చూసి చెప్పేవాళ్ల మీద అంతకన్నా ఎక్కువ ఆశ పెట్టుకోకూడదు.

అయినా ఫోటోలు తీయొద్దని కాదు. సరిగా తీస్తే అవి గాయం మార్పుకు మంచి సాక్ష్యం. పగటి వెలుతురులో, ఎండ నేరుగా పడని చోట, ఫ్లాష్ లేకుండా తీయాలి. చర్మాన్ని నున్నగా చేసే బ్యూటీ ఫిల్టర్ తీసేయాలి. ఒకటి మొత్తం చెయ్యి కనిపించేలా, ఒకటి దగ్గరగా, పక్కన మామూలు చర్మం కూడా పడేలా ఉండాలి. పుండుకు తగలకుండా పక్కన పది రూపాయల బిళ్ల పెడితే దాని అడ్డం 27 మిల్లీమీటర్లు గనక కొలత తెలుస్తుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే బొమ్మ నలిగిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపితే వివరాలు నిలుస్తాయి. అన్నిటికన్నా ముందు, పుండు మీద పసుపు, పేస్టు, సిరా, తెల్ల క్రీము ఉండకూడదు. సిల్వర్ సల్ఫడయాజిన్ క్రీము మెడికల్ షాపులో సులువుగా దొరుకుతుంది. అది ఒకటి రెండు రోజుల్లో పుండు మీద బూడిద తెలుపు పొరలా అతుక్కుంటుంది, డాక్టరు ఎదురుగా చూసినా కింద ఏముందో తెలియదు. లోతు తేలేదాకా అది పూయకపోవడమే మేలు.

బొబ్బను చిదమాలా, వదలాలా?

తెల్లారి వాకిట్లో తీసిన ఫోటోలో మణికట్టు పైన రెండు బొబ్బలు లేచి ఉన్నాయి. ఒకటి శనగగింజంత, ఇంకొకటి పది రూపాయల బిళ్లకన్నా పెద్దది, నీరు నిండి బిగుసుకుని ఉంది. మోచేతి వైపు బొటనవేలి గోరంత చోట బొబ్బ లేదు, తెల్లగా, మెరుపు లేకుండా ఉంది.

వేడికి పైపొర, డెర్మిస్ మధ్య పట్టు సడలుతుంది. గాయపడ్డ నాళాల నుంచి ఊరిన ద్రవం ఆ సందులోకి చేరి పైపొరను ఎత్తుతుంది. అదే బొబ్బ. అది లేవాలంటే కింద నాళాల్లో ఇంకా రక్తం పారుతుండాలి. పూర్తి లోతుకు కాలిన చోట బొబ్బ చాలావరకు రాకపోవడానికి కారణం ఇదే. ఈ లెక్కన బొబ్బ లేవని ఆ తెల్లటి చోటే ఎక్కువ అనుమానించాల్సింది. అయితే బొబ్బ ఉంటే చాలు, లోతు లేదని కూడా అనుకోకూడదు. లోపలి ద్రవం, పైన చర్మం కలిసి పుండు అడుగును కప్పేస్తాయి. బొబ్బ ఫోటో చూసి పైపొర విడిపోయిందని మాత్రమే చెప్పగలం. బొబ్బలు ఇరవై నాలుగు గంటల దాకా కొత్తగా లేస్తూ ఉంటాయి కూడా. మొదటి గంటలో "ఎర్రబడింది, అంతే" అన్న గాయం తెల్లారేసరికి బొబ్బల గాయం కావచ్చు.

చిదమాలా వద్దా అన్నదాని మీద డాక్టర్లలోనే వాదన ఉంది. బొబ్బ చర్మం పుండును కప్పే సహజమైన కట్టు, నొప్పిని కూడా తగ్గిస్తుంది. మరోపక్క పెద్ద బొబ్బ ఎలాగూ ఎక్కడో రాసుకుని చితుకుతుంది, లోపలి ద్రవం సూక్ష్మజీవులకు మేత అవుతుంది, అడుగు లోతు చూడ్డానికీ అడ్డు. ఆచరణలో చాలామంది పాటించేది ఏమంటే, ఆరు మిల్లీమీటర్ల లోపు చిన్నవాటినీ, అరచేతి, అరికాలి మందపాటి చర్మం కింద ఉన్నవాటినీ ముట్టుకోరు. పెద్దగా బిగుసుకున్నవీ, కీళ్ల మీద ఉన్నవీ, చితికి వేలాడుతున్నవీ అయితే శుభ్రమైన పరికరాలతో పై చర్మం కత్తిరించి తీసేస్తారు. ఈ రెండో పని ఆరోగ్య కేంద్రంలో జరగాల్సింది. ఇంట్లో పిన్నీసుతో పొడిచి నీరు వదిలితే రెండువైపులా నష్టం. చిన్న కంత గుండా క్రిములు పోతాయి, మురికి ద్రవం లోపలే ఉంటుంది. తనంతట చితికితే సబ్బు, శుభ్రమైన నీళ్లతో మెల్లగా కడిగి, చర్మం పీకకుండా, అంటుకోని కట్టు వేయించుకోవాలి.

చిన్నకోడూరు ఆరోగ్య కేంద్రంలో ఆమె పెద్ద బొబ్బ తీశాక కింద పుండు తడిగా, గులాబీగా ఉంది. ఒత్తి వదిలితే రంగు వెంటనే తిరిగొచ్చింది. గోరంత తెల్ల చోట ఒత్తితే ఏ మార్పూ లేదు, దూది తాకినా ఆమెకు సరిగా తెలియలేదు. ఒకే చేతి మీద, ఒకే క్షణంలో, ఒకే నూనెతో రెండు లోతులు. నూనె ఎక్కడ మందంగా నిలిచిందో అక్కడ లోతుకు దిగింది. డాక్టరు పారాఫిన్ గాజ్‌తో కట్టు కట్టి, ధనుర్వాతం సూది వేయించి, రెండు రోజుల తర్వాత రమ్మన్నాడు.

లోతు తేలకముందే బయల్దేరాల్సినవి

కొన్ని గాయాలకు లోతు లెక్కే అక్కర్లేదు. కరెంటు గాయం వాటిలో మొదటిది. బోరు మోటరు స్టార్టర్ దగ్గర షాక్ కొట్టి వేలి మీద మినపగింజంత నల్లమచ్చ పడితే, ఫోటోలో అంతకన్నా చిన్న గాయం ఉండదు. కానీ కరెంటు వేలి నుంచి పాదం దాకా కండరాల్లోంచి వెళ్లి ఉంటుంది, గుండె లయ తప్పవచ్చు. ఆ ఫోటోకు ఒకటే జవాబు, 108కి ఫోను. యాసిడ్, బ్యాటరీ ద్రవం లాంటి రసాయనాలు పడితే ధారగా నీళ్లు పోస్తూనే బయల్దేరాలి. పొగ పీల్చి గొంతు బొంగురు పోయినా అంతే.

ముఖం, చేతివేళ్లు, పాదాలు, మర్మాంగాలు, పెద్ద కీళ్ల మీద కాలినా, చేతినో కాలినో చుట్టూ కడియంలా కాలినా అదే రోజు చూపించాలి. అయిదేళ్ల లోపు పిల్లలు, అరవై దాటినవాళ్లు, గర్భిణులు, మధుమేహం ఉన్నవాళ్లు గాయం చిన్నదైనా వెళ్లాలి. మిగతావాళ్లకు కొలత వాళ్ల అరచెయ్యే. వేళ్లు కలిపి చాచిన అరచెయ్యి ఒంటి మీది చర్మంలో సుమారు ఒక శాతం. బొబ్బలు లేచిన మేర అంతకు మించితే ఇంట్లో కూర్చోకూడదు. కొలిచేది కాలిన మనిషి అరచేతితోనే, చూసేవాళ్లది కాదు. పిల్లవాడి ఛాతీ మీద తండ్రి చెయ్యి పెట్టి కొలిస్తే లెక్క సగానికి సగం తప్పుతుంది.

పిల్లల విషయంలో ఇంకొకటి. చాయ్ ఒలికి చిన్నగా కాలిన పసివాడికి రెండు మూడు రోజుల తర్వాత జ్వరం, వాంతులు, విరేచనాలు, ఒంటి మీద దద్దు వచ్చి మగతగా పడి ఉంటే, పుండు చూడ్డానికి ఎంత శుభ్రంగా ఉన్నా పరుగెత్తాల్సిందే. పుండు మీది కొన్ని క్రిములు వదిలే విషం వల్ల ఇలా జరుగుతుంది, గంటల్లో ముదురుతుంది. పుండు ఫోటో ఇక్కడ తప్పుదారి పట్టిస్తుంది. పెద్దవాళ్లలో క్రిములు చేరిన గుర్తులు ఇంతకన్నా తెలిసినవే: తగ్గిన నొప్పి మళ్లీ పెరగడం, చుట్టూ ఎరుపో, నలుపో, వాపో పాకడం, వాసన, జ్వరం. పుండు మీద పసుపు తెలుపు జిగురు పొర ఒక్కటే ఉంటే అది చీమే కానక్కర్లేదు, మానే పుండు మీద కూడా అది పడుతుంది. ఫోటోలో ఆ రెండూ వేరుచేయడం కష్టం. వాసన ఎలాగూ రాదు.

దగ్గర్లోని పల్లె దవాఖానా నుంచి ఈ-సంజీవనిలో దూరాన ఉన్న డాక్టరుతో వీడియోలో మాట్లాడే వీలుంది. మొదటి రోజు కన్నా మూడో రోజు, పదో రోజు కట్టు విప్పినప్పుడు దాన్ని వాడుకుంటే ఎక్కువ లాభం. అప్పటికి నడిమి వలయం ఎటో ఒకవైపు తేలి ఉంటుంది. పక్కన నర్సు ఉంటుంది కాబట్టి ఒత్తి చూపించమని, తాకి అడగమని డాక్టరు చెప్పొచ్చు.

మన ఉదాహరణలో ఆమెకు పన్నెండో రోజుకు మణికట్టు వైపు పుండంతా మూసుకుంది. కొత్త చర్మం చుట్టుపక్కల కన్నా లేతగా, గులాబీగా ఉంది. మెలనిన్ కణాలు తిరిగి నిండడానికి నెలలు పడుతుంది, అందాకా ఎండ తగలకుండా పొడుగు చేతుల జాకెట్టు వేసుకోమన్నారు. మోచేతి వైపు గోరంత చోట మాత్రం తెలుపు పోయి మొద్దు ఎరుపు వచ్చింది, చుట్టూ అంచు ఒక మిల్లీమీటరు కూడా పాకలేదు. రెండు వారాలైనా మానే దారి పట్టని పుండును కట్లతో లాగించకుండా సర్జన్‌కు చూపించాలి. సిద్దిపేటలో 2018లో మొదలైన ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది, ఇంకా పెద్దవాటికి హైదరాబాదులో ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల బర్న్స్ వార్డులున్నాయి. సిద్దిపేటలో సర్జన్ ఆ చోటు చూసి, గోరంతే కాబట్టి అంచుల నుంచే పాకి మూసుకోవచ్చని, మోచేతి ముడతకు రెండు వేళ్ల దూరంలో ఉంది కనుక మచ్చ చెయ్యి చాపడానికి అడ్డు రాదని చెప్పాడు. వారానికోసారి పగటి వెలుతురులో, పక్కన అదే పది రూపాయల బిళ్ల పెట్టి ఫోటో తీసి తెమ్మన్నాడు. రెండు వారాల్లో మేర తగ్గకపోతే చర్మం అతుకుదామన్నాడు.